హోటల్ యజమానికి ఫిర్యాదు లేఖ: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో వినియోగదారుల తరఫున ఫిర్యాదులు రాసిపెట్టడం నా పని. బయట తిని వాంతులు, విరేచనాలతో ఇబ్బంది పడినవారు నా దగ్గరికి తెచ్చే చిత్తు ప్రతుల్లో కోపం నిండుగా ఉంటుంది కానీ, ఎవరు ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు జబ్బుపడ్డారో చాలాసార్లు ఉండదు. వారి బాధ నిజమైనదే. అయితే ఆ లేఖ చదివే యజమానికి జవాబు చెప్పవలసిన ప్రశ్న ఒక్కటీ అందులో కనిపించదు.

అపోహ: "మీ కల్తీ తిండి వల్లే ఇలా అయింది" అని గట్టిగా రాస్తేనే యజమాని దిగివస్తాడు.

వాస్తవం: రుజువు చేయలేని ఆరోపణను ఖండించడం యజమానికి చాలా తేలిక. ఒక కుటుంబం విషయంలో జరిగినది చెబుతాను. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు నలుగురూ కలిసి భోజనం చేశారు. ముగ్గురు ఎగ్ ఫ్రైడ్ రైస్ తిన్నారు, నాయనమ్మ మాత్రం రొట్టె, పప్పు తిన్నారు. పదకొండు గంటలకు మొదట పిల్లవాడికి, అర్ధరాత్రిలోగా మిగతా ఇద్దరికీ వాంతులయ్యాయి. నాయనమ్మకు ఏమీ కాలేదు. తండ్రి తెచ్చిన చిత్తు ప్రతిలో "కుళ్లిన అన్నం", "ప్రాణాలతో చెలగాటం" అన్న మాటలున్నాయి గానీ, నాయనమ్మ సంగతే లేదు. నా దృష్టిలో అన్నిటికంటే బలమైన సంగతి అదే. మేము ఆ మాటలు తీసివేసి ఇలా రాశాము:

"ఫ్రైడ్ రైస్ తిన్న ముగ్గురమూ రెండున్నర నుంచి మూడున్నర గంటల్లోపు అస్వస్థతకు గురయ్యాము. అది తినని మా అమ్మగారు ఆరోగ్యంగా ఉన్నారు. ఆ రోజు ఆ అన్నం ఎన్ని గంటలకు వండారో, వడ్డించేవరకు ఎక్కడ, ఎంత వేడిలో ఉంచారో తెలుపగలరు."

ఆ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచితే అందులో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషపదార్థాన్ని తయారు చేయవచ్చు. తరువాత పెనం మీద ఎంత వేయించినా ఆ విషం పోదు. దానివల్ల వచ్చే వాంతులు సాధారణంగా అరగంట నుంచి ఆరు గంటల్లోపు మొదలవుతాయి. వేడిగా వడ్డించే ఆహారాన్ని 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉంచాలన్నది ఆహార భద్రతా నిబంధన. అయినా బ్యాక్టీరియా పేరు లేఖలో రాయవద్దన్నాను, ఎందుకంటే పరీక్ష లేకుండా అది మన ఊహ మాత్రమే అవుతుంది.

అపోహ: చివరగా తిన్నదే కారణం.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే లక్షణాలు బయటపడడానికి ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా పట్టవచ్చు. అందుచేత ముందు రెండు మూడు రోజుల్లో ఇంట్లో, బయట తిన్నవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాకే లేఖ మొదలుపెట్టాలి. ఆ కుటుంబమంతా ముందురోజు శనివారం పెళ్లి భోజనానికి వెళ్లారని అప్పుడే తెలిసింది. నాయనమ్మ కూడా అక్కడ తిన్నారు, అయినా ఆమెకు ఏమీ కాలేదు కాబట్టి, ఆ సంగతి దాచకుండా లేఖలో రాశాము. మనకు అడ్డువచ్చేలా కనిపించే వివరాన్ని మనమే ముందుగా చెబితే, అవతలివారు దానిని ఆయుధంగా వాడుకోలేరు.

అపోహ: పరిహారం అడిగితే డబ్బు కోసమే రాశారనుకుంటారు.

వాస్తవం: "తగిన చర్య తీసుకోండి" అని ముగించిన లేఖకు "చూస్తాము" అన్న జవాబుతో సరిపెట్టవచ్చు. ఆ కుటుంబం మూడు అడిగింది: భోజనం బిల్లు 1,120 రూపాయలు, ఆసుపత్రి, మందుల ఖర్చు 2,840 రూపాయలు, అన్నం నిల్వ గురించి పది రోజుల్లో రాతపూర్వక జవాబు. మొదటి రెండింటికీ రసీదుల నకళ్లు జతచేశాము. అసలు ప్రతులు ఎప్పుడూ చేజార్చుకోకూడదు. "డబ్బు ఇవ్వకపోతే ఫేస్‌బుక్‌లో పెడతాను" అన్న వాక్యాన్ని తండ్రి చేత కొట్టివేయించాను, అది బెదిరింపుగా కనిపించి కథ తలకిందులవుతుంది. దాని బదులు, గడువులోగా జవాబు రాకపోతే ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు చేస్తామని ఒకే వాక్యంలో రాశాము. హోటల్‌కు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే, బిల్లు మీద ఉండే 14 అంకెల నంబరును లేఖ పైభాగంలో వేస్తే, ఆ ఫిర్యాదు ఏ హోటల్ మీదనో తేల్చుకోవడం తేలికవుతుంది.

అపోహ: మిగిలిన పార్సిల్ చాలు, వేరే రుజువు అక్కర్లేదు.

వాస్తవం: మూత తీసి ఇంటికి తెచ్చిన ఆహారం ఇంట్లోనే చెడిపోయిందని వాదించవచ్చు. పారేయకుండా ఫ్రిజ్‌లో పెట్టి, పెట్టిన సమయం డబ్బా మీద రాయండి. కానీ వైద్యుడి చీటీ మీద తేదీ, సమయం, లక్షణాలు ఉండడమే ఎక్కువ పనికొస్తుంది.

లేఖ రెండు ప్రతులు తీసి, ఒకటి హోటల్‌లో ఇచ్చి, రెండో దానిమీద తేదీతో సంతకం, ముద్ర తీసుకోవాలి. తీసుకోవడానికి నిరాకరిస్తే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. జవాబు రాకపోతే, ఘటన జరిగిన రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే వీలుంది. అక్కడ మొదట అడిగే కాగితాల్లో ఈ ప్రతి, ఈ రసీదు ఉంటాయి.