చచ్చిన చిలుక ఏ సీజన్‌ది? మాంటీ పైథాన్ స్కిట్‌ల వెనకున్న చిక్కు

బీబీసీలో 1969 అక్టోబర్ 5న మొదలై 1974 డిసెంబర్‌లో ముగిసిన 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' అనే హాస్య స్కిట్‌ల షో అంతా కలిపి 45 ఎపిసోడ్లే. సీజన్లు నాలుగు. మొదటి మూడింటిలో 13 చొప్పున, చివరిదాంట్లో 6. ఇంత చిన్న షోలో ఏ స్కిట్ ఏ సీజన్‌దో చెప్పడం కష్టమేమీ కాదనిపిస్తుంది. కానీ దీన్ని బాగా చూసినవాళ్లు కూడా పొరపడుతుంటారు. ఆ పొరపాటుకు కారణం జ్ఞాపకశక్తి తక్కువ కావడం కాదు. ఆ షో తయారైన తీరులోనూ, అది ప్రేక్షకుల దగ్గరికి చేరిన దారుల్లోనూ ఉంది.

ముందు తయారీ సంగతి. అప్పటిదాకా స్కిట్ అంటే చివర ఒక పంచ్ పడాలి, తెర పడాలి, తర్వాతి స్కిట్ మొదలవ్వాలి. జాన్ క్లీజ్, గ్రహామ్ చాప్‌మన్, ఎరిక్ ఐడిల్, టెర్రీ జోన్స్, మైకేల్ పేలిన్, టెర్రీ గిలియమ్ అనే ఆ ఆరుగురు ఆ పద్ధతినే వదిలేశారు. పంచ్ దొరక్కపోతే స్కిట్‌ను మధ్యలోనే ఆపేసేవారు. చాప్‌మన్ వేసే కల్నల్ పాత్ర వచ్చి 'ఇది మరీ వెర్రిగా ఉంది, ఆపండి' అనేవాడు. లేదంటే గిలియమ్ బొమ్మల యానిమేషన్ ఒక స్కిట్‌లోంచి మనిషిని లాక్కెళ్లి ఇంకో స్కిట్‌లో పడేసేది. అందువల్ల ఒక ఎపిసోడ్ అరగంట సేపు తెగకుండా ప్రవహిస్తుంది. ఆ ప్రవాహంలోంచి ఒక ముక్క కోసి చూపిస్తే, అది ఎక్కడిదో చెప్పే ఆనవాళ్లన్నీ కోసిన అంచుల దగ్గరే రాలిపోతాయి.

మళ్లీ మళ్లీ వచ్చే పాత్రలను బట్టి పోల్చుకుందామని అందరూ అనుకుంటారు. వాటిని నమ్మలేం. చిలుక స్కిట్‌లో ఫిర్యాదు చేసే మిస్టర్ ప్రేలిన్ మొదటి సీజన్‌లో ఉన్నాడు. రెండో సీజన్‌లో చేపకు లైసెన్స్ కావాలని పోస్టాఫీసుకు వచ్చేదీ ఆయనే. తలకు చేతిరుమాలు ముడివేసుకుని గట్టిగా అరిచే గంబీలు మొదటి సీజన్ నుంచే కనిపిస్తారు, 'నా మెదడు నొప్పి పుడుతోంది' అని అరిచే గంబీ మాత్రం మూడో సీజన్‌లో వస్తాడు. పాత్ర కనబడగానే సీజన్ పేరు చెబితే సగం సార్లు తప్పుతాం.

నమ్మదగిన గుర్తు ఎపిసోడ్ మొదట్లో ఉంటుంది. మొదటి సీజన్‌లో చిరిగిన బట్టలతో, జడలు కట్టిన గడ్డంతో పేలిన్ ఎక్కడి నుంచో ఆపసోపాలు పడుతూ కెమెరా దాకా వచ్చి 'ఇట్స్' అని ఒక్క ముక్క అంటాడు. టైటిల్ మొదలవుతుంది. రెండో సీజన్‌కు వచ్చేసరికి అతనికి ముందు క్లీజ్ ఎక్కడో ఓ చోట బల్ల వేసుకుని అనౌన్సర్‌గా కూర్చుని 'అండ్ నౌ ఫర్ సమ్‌థింగ్ కంప్లీట్లీ డిఫరెంట్' అనడం రివాజయింది. మూడో సీజన్‌లో ఆ మాట 'అండ్ నౌ' దగ్గరే ఆగిపోయి, దానికి ముందు నగ్నంగా ఆర్గాన్ వాయించే మనిషి చేరాడు. అంటే వరసగా ముగ్గురు. ఆ ఆర్గాన్ మనిషి రెండో సీజన్ 'బ్లాక్‌మెయిల్' స్కిట్‌లోనూ ఉన్నాడు కాబట్టి అతనొక్కడే సాక్ష్యం కాడు. ముగ్గురూ వరసగా వస్తేనే మూడో సీజన్. నాలుగోదాన్ని పట్టుకోవడం ఇంకా తేలిక. క్లీజ్ తెర మీద ఉండడు. షో పేరు కూడా కుదించుకుని 'మాంటీ పైథాన్' అయింది. ఒక్కో ఎపిసోడ్‌లో చాలా భాగం ఒకే కథగా సాగుతుంది.

అసలు గందరగోళం 1971లో వచ్చిన సినిమాతో మొదలైంది. దాని పేరూ ఆ అనౌన్సర్ మాటే. అమెరికా ప్రేక్షకులకు ఈ బృందాన్ని పరిచయం చేయడానికి మొదటి రెండు సీజన్ల నుంచి స్కిట్‌లు ఏరి, స్టూడియో ప్రేక్షకులు లేకుండా, కొత్తగా మళ్లీ చిత్రీకరించారు. అక్కడ స్కిట్‌లను కొత్త వరసలో కలిపారు.

చిలుక స్కిట్ సంగతే చూద్దాం. కొట్లో కొన్న చిలుక చచ్చిపోయి ఉందని ప్రేలిన్ వాదిస్తాడు, పేలిన్ వేసిన కొట్టువాడు అది నిద్రపోతోందంటాడు. చాలామందికి ఆ తర్వాత కొట్టువాడు 'నాకీ పని ఇష్టం లేదు, కలప నరికేవాడినవుదామనుకున్నాను' అని పాట ఎత్తుకున్నట్టు గుర్తు. సినిమాలో జరిగింది అదే. టీవీలో మాత్రం అలా లేదు. చిలుక స్కిట్ మొదటి సీజన్ 8వ ఎపిసోడ్‌లో, 1969 డిసెంబర్ 7న వచ్చింది. అక్కడ దాన్ని కల్నల్ వచ్చి ఆపుతాడు. కలప పాట వారం తర్వాత, 9వ ఎపిసోడ్‌లో, డిసెంబర్ 14న వచ్చింది. అక్కడ పాడేదీ పేలినే, కానీ కొట్టువాడిగా కాదు, మనుషుల్ని చంపాలనే పిచ్చి ఉన్న మంగలిగా. కాబట్టి చిలుక వెంటనే పాట వస్తే, ఆ క్లిప్ ఏ సీజన్‌దీ కాదు, సినిమాది.

పాట రాకముందే క్లిప్ తెగిపోతే? అప్పుడు చెవిని నమ్మాలి. టీవీ ఎపిసోడ్‌లలో స్టూడియోలో కూర్చున్నవాళ్ల నవ్వులు వినిపిస్తాయి, సినిమాలో నవ్వు ఉండదు. కన్నూ సాయపడుతుంది. టీవీలో స్టూడియో దృశ్యాలు వీడియో టేపు మీద, ఆరుబయటివి ఫిల్మ్ మీద తీసేవారు, అందుకే ఒకే ఎపిసోడ్‌లో బొమ్మ రెండు రకాలుగా కనిపిస్తుంది. గది లోపలి దృశ్యానికీ ఫిల్మ్ మెరుపు ఉండి, నవ్వులు లేకపోతే దాదాపు సందేహం అక్కర్లేదు.

రెండో దారి గ్రామఫోన్ రికార్డులు, రంగస్థలం. ప్రేలిన్ చేపల స్కిట్‌కు తోడుగా అందరూ పాడుకునే 'ఎరిక్ ది హాఫ్ ఎ బీ' పాట టీవీలో రానేలేదు, 1972 రికార్డులో ఉంది. ఇంకా విచిత్రమైనది 'ఫోర్ యార్క్‌షైర్‌మెన్'. చిన్నప్పటి పేదరికం గురించి నలుగురు పెద్దమనుషులు ఒకర్ని మించి ఒకరు కోసే కోతలు అవి. అది పైథాన్ స్కిట్ అనే అందరి నమ్మకం. 45 ఎపిసోడ్‌లూ గాలించినా దొరకదు. అది 1967లో ఐటీవీలో వచ్చిన 'ఎట్ లాస్ట్ ది 1948 షో'ది. క్లీజ్, చాప్‌మన్‌లతో పాటు టిమ్ బ్రూక్-టేలర్, మార్టీ ఫెల్డ్‌మన్ కలిసి చేసినది. తర్వాత పైథాన్ బృందం దాన్ని వేదిక మీదా, రికార్డుల్లోనూ వాడుకుంది. అట్లా అది వాళ్ల ఖాతాలో పడింది.

మూడోది, అన్నిటికన్నా తీవ్రమైనది, అమెరికా ఏబీసీ చానెల్ చేసిన కోత. 1975 అక్టోబర్‌లో ఆ చానెల్ నాలుగో సీజన్‌లోని మూడు ఎపిసోడ్లను కలిపి ఒకే కార్యక్రమంగా వేసింది. ప్రకటనలకు చోటు కోసం, అభ్యంతరకరమని తోచిన మాటలు తీసేయడం కోసం, 90 నిమిషాల్లో 24 నిమిషాలు తీసేసింది. ముందే చెప్పినట్టు ఈ షోలో అర్థమంతా అతుకుల్లో ఉంటుంది. నాలుగో సీజన్‌లోనైతే ఒక చోట నాటిన విషయం పది నిమిషాల తర్వాత ఫలిస్తుంది, కాబట్టి మధ్యలో తీసేస్తే మిగిలిందానికి తలా తోకా ఉండదు. తమ పేరుతో ఇలాంటిది ప్రసారం కాకూడదని బృందం కోర్టుకెక్కింది. అయినా డిసెంబర్‌లో అలాగే కోసిన రెండో కార్యక్రమం ప్రసారం ఆగలేదు. 1976 జూన్‌లో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు మాత్రం బృందం వైపు నిలిచింది. రచయితలు అనుమతించని కోతలతో అసలు రచన రూపే మారిపోయిందని అభిప్రాయపడి, కోసిన ఎపిసోడ్లను ఏబీసీ ఇక వేయకుండా ఆపింది.