ఫిర్యాదు తర్వాత పడిపోయిన రేటింగ్: కక్ష అని తేల్చేది ఏది?

ఏప్రిల్, మే నెలల్లో అప్రైజల్ లెటర్లు చేతికందే వేళకు ఈ గొడవ ఏటా మళ్లీ లేస్తుంది. పైఅధికారి మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు పెట్టిన ఉద్యోగినికి రేటింగ్ పడిపోతుంది, లేదా టీమ్ బాధ్యత పోతుంది. ఇది కక్ష సాధింపేనని ఆమె అంటుంది. పని సరిగా లేదని యాజమాన్యం అంటుంది. పనిచోట లైంగిక వేధింపులను అరికట్టడానికి వచ్చిన విశాఖ మార్గదర్శకాలు, 2013 చట్టం అందరూ విన్నవే కాబట్టి వాటి కథ మళ్లీ చెప్పనక్కర్లేదు. నేటి వివాదానికి మలుపు మాత్రం 2020 ఫిబ్రవరి 25న పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు.

ఆ బ్యాంకు ఇందోర్ శాఖలో స్కేల్-4 హోదాలో చీఫ్ మేనేజర్‌గా ఉన్న అధికారిణి, మద్యం కాంట్రాక్టర్ల ఖాతాల్లో జరుగుతున్న అక్రమాలపై పైవాళ్లకు పదేపదే రాశారు. జోనల్ మేనేజర్ వేధిస్తున్నారని కూడా ఫిర్యాదు చేశారు. 2017 డిసెంబరులో ఆమెను జబల్‌పూర్ జిల్లాలోని సరసవా శాఖకు బదిలీ చేశారు. ఉద్యోగమన్నాక బదిలీలు మామూలేనని బ్యాంకు వాదన. ఆ మాట సూత్రంగా తప్పు కాదు, మామూలు బదిలీల్లో తాము జోక్యం చేసుకోబోమని కోర్టు కూడా ఒప్పుకుంది. కానీ సరసవా శాఖ స్కేల్-1 అధికారి కూర్చునే చోటు. అక్రమాల మీద రాసిన మనిషిని మూడు మెట్లు కిందున్న కుర్చీకి పంపాల్సిన అవసరం ఏమొచ్చిందన్న ప్రశ్నకు బ్యాంకు దగ్గర నమ్మదగ్గ జవాబు లేకపోయింది. ఆమెను బాధితురాలిని చేశారనడంలో సందేహమే లేదని కోర్టు తేల్చింది. స్కేల్-4 అధికారిగానే ఏడాదిపాటు ఇందోర్‌లో పోస్టింగ్ ఇవ్వాలని, ఖర్చుల కింద రూ.50,000 చెల్లించాలని ఆదేశించింది. వేధింపుల ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీలో బయటి సభ్యురాలిగా కూర్చున్నది ఆ బ్యాంకు ప్యానెల్ లాయరేనన్న సంగతినీ తప్పుపట్టింది.

ఈ తీర్పులో గమనించాల్సింది ఒకటుంది. ‘నీ మీద కక్షతోనే చేశాం’ అని ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు, ఎవరూ రాయరు కూడా. రుజువు వచ్చింది పోల్చి చూడడంలోంచి: ఆమె స్కేల్ ఏమిటి, ఆ పోస్టు స్థాయి ఏమిటి, ఆ ఉత్తర్వుకు ముందు ఆమె ఏం రాసింది? రేటింగ్ విషయంలోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. అయితే బదిలీ ఉత్తర్వు కళ్లకు కనిపిస్తుంది, రేటింగ్ వెనక ఏం జరిగిందో కనిపించదు.

రేటింగ్ కళ్లపడడం మొదలైంది అంతకు పన్నెండేళ్ల ముందు. 2008లో దేవ్ దత్ కేసులో, ప్రమోషన్‌కు ‘వెరీ గుడ్’ కావాల్సిన చోట ‘గుడ్’ అని రాసి ఉద్యోగికి చెప్పకుండా దాచడం చెల్లదని సుప్రీంకోర్టు అంది. మంచి మాటగా కనిపించే వ్యాఖ్య కూడా దెబ్బతీయగలదని గుర్తించింది. దాంతో 2009 మేలో కేంద్రం తన ఉద్యోగులకు పనితీరు నివేదిక మొత్తం చూపించాలని, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులు ఇవ్వాలని ఆదేశాలిచ్చింది. ప్రైవేటు కంపెనీల్లో ఇలాంటి నిబంధన లేదు. పోర్టల్‌లో కనిపించే అంకె, రెండు ముక్కల వ్యాఖ్య తప్ప ఉద్యోగి చేతికి ఏమీ రాదు.

అందుకే లైంగిక వేధింపుల చట్టం కింద వచ్చిన 2013 నిబంధనల్లోని ఎనిమిదో నిబంధన విలువైనది. విచారణ నడుస్తుండగా బాధితురాలు రాతపూర్వకంగా అడిగితే, ఆరోపణలు ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పనితీరుపై నివేదిక రాయకుండా ఆపి ఆ పని వేరొకరికి అప్పగించాలని కమిటీ యాజమాన్యానికి సిఫార్సు చేయవచ్చు. సిఫార్సు చేస్తే యాజమాన్యం అమలు చేసి, చేశామని కమిటీకి తెలపాలి. అడగకపోతే ఈ రక్షణ దానంతటదే రాదు. చాలామంది ఫిర్యాదు ఇచ్చి ఊరుకుంటారు, మార్చిలో అదే చేయి రేటింగ్ రాసేస్తుంది.

హైదరాబాద్‌లోని ఒక ఐటీ కంపెనీలో జరగగల సందర్భాన్ని ఊహించుకుందాం. వరుసగా రెండేళ్లు ఐదుకు నాలుగు తెచ్చుకున్న ఉద్యోగిని జనవరి 12న అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇచ్చింది. మార్చిలో ఆమెకు రెండు వచ్చింది, కొత్త ప్రాజెక్టులో లీడ్ బాధ్యత మరొకరికి వెళ్లింది. మొదట తేలాల్సింది రేటింగ్ ఇచ్చినవారికి ఫిర్యాదు సంగతి తెలుసా అన్నది. అందిన ఏడు పనిదినాల్లో ఫిర్యాదు ప్రతిని కమిటీ ఎదుటివారికి పంపాలి కాబట్టి, ఆ పంపిన తేదీయే వారికి తెలిసిన తేదీ. రేటింగ్ మీద సంతకం వేరే మేనేజర్‌దైనా, అతనికి వివరాలు అందించింది ఎవరన్నది అడగాలి.

తర్వాత చూడాల్సింది జనవరి 12కు ముందు ఏముందన్నది. నవంబరు, డిసెంబరు వన్-ఆన్-వన్ నోట్స్, క్లయింటు మెయిళ్లు, అర్ధ సంవత్సర సమీక్ష ఆమె పనిని మెచ్చుకుని ఉంటే, మార్చి నాటికి పని ఒక్కసారిగా ఎందుకు చెడిందో కంపెనీయే చెప్పుకోవాల్సి వస్తుంది. అవే కాగితాల్లో డిసెంబరులోనే డెలివరీ ఆలస్యాల గురించి హెచ్చరికో, పని మెరుగుపరుచుకోవడానికి గడువిచ్చే పీఐపీ మొదలైన జాడో ఉంటే ఆమె వాదన బాగా బలహీనపడుతుంది. అప్పటికే సాగుతున్న చర్య ఫిర్యాదుకు శిక్ష అనిపించుకోదు. టీమ్ మొత్తానికీ, ఎంతమందికి ఏ రేటింగ్ అని ముందే వాటాలు కట్టే బెల్ కర్వ్‌లో రేటింగులు తగ్గినా అంతే. అందుకే తన అంకె ఒక్కటే సరిపోదు, అదే పనిచేసే మిగతావారి రేటింగ్ ఎలా మారిందో కూడా కావాలి.

ఆ వివరాలు కంపెనీ దగ్గరే ఉంటాయి. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. టీమ్ రేటింగ్ షీటునో క్లయింటు మెయిళ్లనో సొంత జీమెయిల్‌కు పంపుకుంటారు, కంపెనీకి డేటా ఉల్లంఘన పేరుతో ఛార్జిషీటు ఇచ్చే అవకాశం దొరుకుతుంది. అప్పుడు అసలు గొడవ పక్కకుపోతుంది. విచారణ కాగితాలను నలుగురికీ పంపడం కూడా గోప్యత నిబంధనకు విరుద్ధం. దానికన్నా, చట్టంలోని 11వ సెక్షన్ కమిటీకి పత్రాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారం ఇచ్చింది కాబట్టి, మేనేజర్లు కూర్చుని రేటింగులు సరిచూసే ఫలానా క్యాలిబ్రేషన్ మీటింగ్ నోట్స్, రేటింగ్ ఏ తేదీన ఎవరి లాగిన్ నుంచి మారిందో చూపే సిస్టమ్ రికార్డు తెప్పించండని పేరుపెట్టి దరఖాస్తు ఇవ్వడం మేలు. ‘అన్ని వివరాలూ తెప్పించండి’ అని రాస్తే ఏదీ రాదు.

ఈ రేటింగ్‌ను వేరే హెచ్‌ఆర్ సమస్యగా చూసి వదిలేయడం మరో నష్టం. వేధింపు ప్రవర్తనకు ముడిపడి ఉద్యోగంలో హాని చేస్తామని బెదిరించినా, ప్రస్తుత లేదా భవిష్యత్ ఉద్యోగ స్థితిపై బెదిరింపు ఉన్నా, మూడో సెక్షన్ కింద అది కూడా వేధింపు కిందికి రావచ్చు. అందుకని ఫిర్యాదు ప్రతి అందాక జరిగిన చర్యను తేదీలతో కమిటీకి అదనంగా రాసివ్వాలి, అదీ ఘటన జరిగిన మూడు నెలల్లోపు. కారణాలు రాసి మరో మూడు నెలలు పొడిగించే అధికారం కమిటీకి ఉన్నా దాని మీద ఆధారపడడం తెలివి కాదు. కమిటీ సిఫార్సు మీద అప్పీలుకు 90 రోజులు గడువు.

బ్యాంకు అధికారిణి హైకోర్టుకు రిట్‌తో వెళ్లగలిగింది ఆమెది ప్రభుత్వ రంగ బ్యాంకు కావడం వల్ల. ప్రైవేటు కంపెనీ రేటింగ్ మీద ఆ దారి సాధారణంగా ఉండదు, కాబట్టి అక్కడ కమిటీ ముందున్న రికార్డే ప్రధానం. ఆ రికార్డులో ఎనిమిదో నిబంధన కింద ఆమె ఇచ్చిన దరఖాస్తు, దాని మీద కమిటీ ఏం చేసిందో చెప్పే కాగితం ఉంటే, ఫిర్యాదు గురించి తమకు తెలియదని యాజమాన్యం చెప్పడానికి ఆస్కారం ఉండదు.