ఉప్పు నిషేధం ఎందుకు నిలవలేదు: నియమాలు చట్టాన్ని దాటినప్పుడు – అపోహలు, వాస్తవాలు

రిట్ పిటిషన్ వేయించడానికి వచ్చే కక్షిదారుల్లో ఎక్కువమంది ఒక నియమం తమకు అన్యాయం చేస్తోందని చెబుతారు గానీ, ఆ నియమం ఏ చట్టం కింద, ఏ సెక్షన్ ఇచ్చిన అధికారంతో వచ్చిందో అడిగితే చెప్పలేరు. న్యాయస్థానం మొదట అడిగేది అదే. శాసనసభగానీ పార్లమెంటుగానీ చేసినది మాతృ చట్టం. దాని కింద ప్రభుత్వమో బోర్డో మార్కెట్ కమిటీయో చేసే నియమాలు, నిబంధనలు, బైలాలు అధీన శాసనం. అధీన శాసనం మాతృ చట్టం ఇచ్చిన హద్దును దాటితే దాన్ని ‘అల్ట్రా వైరిస్’ అంటాం, అంటే అధికార పరిధికి మించినది. ఈ సూత్రం గురించి కక్షిదారుల్లోనూ జూనియర్ న్యాయవాదుల్లోనూ తరచూ కనిపించే అపోహలను, ముఖ్యంగా ఒక ఉప్పు కేసును ఆధారం చేసుకొని, ఇక్కడ వివరిస్తాను.

అపోహ: ప్రజలకు మేలు చేసే నియమాన్ని కోర్టు కొట్టివేయదు.

వాస్తవం: నియమం మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న, దాన్ని చేసే అధికారం ఉందా అన్నది మరొక ప్రశ్న. ఈ రెంటికీ ఉన్న తేడాను అకాడమీ ఆఫ్ న్యూట్రిషన్ ఇంప్రూవ్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు 2011 జూలైలో ఇచ్చిన తీర్పు చూపినంత స్పష్టంగా మరొకటి చూపదని నా అభిప్రాయం. కేంద్ర ప్రభుత్వం 2005 నవంబరులో ఆహార కల్తీ నివారణ నియమాలకు 44-ఐ అనే కొత్త నియమాన్ని చేర్చింది. అయోడిన్ కలపని మామూలు ఉప్పును మనుషులు నేరుగా తినడానికి అమ్మకూడదని, అమ్మకం కోసం దుకాణంలో ఉంచుకోకూడదని ఆ నియమం చెప్పింది. పశువులకు, నిల్వ చేసే పదార్థాలకు, మందుల తయారీకి, పరిశ్రమలకు వాడే ఉప్పును మాత్రం సరైన లేబుల్‌తో అమ్ముకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఇది 2006 మే నుంచి అమల్లోకి వచ్చింది. అయోడిన్ లోపం వల్ల గాయిటర్ వస్తుందని, పిల్లల మానసిక ఎదుగుదల దెబ్బతింటుందని అందరికీ తెలుసు కాబట్టి, నియమం ఉద్దేశం మంచిదన్నదాంట్లో పెద్దగా వివాదానికి తావు లేదు. అయినా ఆ నియమం మాతృ చట్టం ముందు నిలవలేదు.

ఎందుకు నిలవలేదో తెలియాలంటే 1954 నాటి ఆహార కల్తీ నివారణ చట్టాన్ని పక్కన పెట్టుకొని చదవాలి. పేరులోనే ఉన్నట్లు ఆ చట్టం లక్ష్యం కల్తీని ఆపడం. నియమాలు చేసే అధికారాన్ని 23వ సెక్షన్ ఇచ్చింది. అందులో అమ్మకాన్ని నిషేధించడం గురించి మాట్లాడే క్లాజు ఒకటి ఉంది. ఆహారంగా వాడితే ఆరోగ్యానికి హాని చేయగల పదార్థం అమ్మకాన్ని నిషేధించవచ్చని, అమ్మకానికి షరతులు పెట్టవచ్చని, ఇతర ఆహార పదార్థాల తయారీలో దాని వాడకాన్ని పరిమితం చేయవచ్చని, ఆహార పదార్థాల తయారీని, అమ్మకాన్ని లైసెన్సుల ద్వారా క్రమబద్ధం చేయవచ్చని ఆ క్లాజు చెబుతుంది. ఇప్పుడు మామూలు ఉప్పును ఆ మాటల పక్కన పెట్టి చూడండి. తరతరాలుగా మన కూరల్లోనూ ఆవకాయలోనూ పడిన ఉప్పును ‘ఆరోగ్యానికి హాని చేయగల పదార్థం’ అనగలమా? అందులో అయోడిన్ లేకపోవడం ఒక లోపం కావచ్చు గానీ, లోపం వేరు, హాని వేరు. కల్తీ కాని, హాని చేయని పదార్థం అమ్మకాన్ని నిషేధించే అధికారం ఆ క్లాజులో కనిపించదు. జనానికి ఒక పోషకాన్ని అందించడానికి వారి ఆహారంలో దాన్ని తప్పనిసరిగా కలిపించడం వేరే విధానం, దానికి ఈ చట్టంలో చోటు లేదు. అందుకే ఆ నియమం చట్టం పరిధిని దాటిందని కోర్టు తేల్చింది.

ఈ తీర్పును అయోడిన్ ఉప్పు మీద ఇచ్చిన తీర్పుగా చదివేవాళ్లు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. నిజానికి అది నియమం చేసే అధికారం మీద ఇచ్చిన తీర్పు. నిషేధం ఒక్కసారిగా పోతే ప్రజారోగ్యం దెబ్బతినవచ్చన్న ఆలోచనతోనే కోర్టు రాజ్యాంగం 142వ అధికరణ కింద తనకున్న అధికారాన్ని వాడి, ప్రభుత్వం పునరాలోచన చేసుకునేందుకు వీలుగా దాన్ని మరో ఆరు నెలలు కొనసాగనిచ్చింది. అలాంటి వెసులుబాటు ఇచ్చే అధికారం రాజ్యాంగం సుప్రీంకోర్టుకు ఇచ్చింది కాబట్టి, హైకోర్టులో దాన్ని అడగాలని ముచ్చటపడే జూనియర్లు కాస్త ఆగాలి.

అపోహ: ‘చట్టం ఉద్దేశాలను నెరవేర్చేందుకు నియమాలు చేయవచ్చు’ అని చట్టంలో ఉంటే ప్రభుత్వం ఏ నియమమైనా చేయవచ్చు.

వాస్తవం: దాదాపు ప్రతి చట్టం చివర్లో ఈ సాధారణ అధికారం ఉంటుంది. దాని కిందే ‘పై అధికారానికి భంగం కలగకుండా’ అన్న మాటతో విషయాల జాబితా ఒకటి మొదలవుతుంది. జాబితాలో లేనంత మాత్రాన నియమం చెల్లకుండా పోదు, ఎందుకంటే ఆ జాబితా ఉదాహరణల కోసమేగానీ సాధారణ అధికారాన్ని కుదించడానికి కాదని, బ్రిటిష్ పాలనలో మన కేసులకు చివరి అప్పీలు కోర్టుగా ఉన్న ప్రీవీ కౌన్సిల్ 1945లో సిబ్‌నాథ్ బెనర్జీ కేసులోనే చెప్పింది. కాబట్టి పరీక్ష రెండు మెట్లుగా సాగుతుంది. ముందు జాబితాలో చోటు వెతకాలి. దొరకకపోతే సాధారణ అధికారం దగ్గరకు వచ్చి, ఈ నియమం చట్టం ఇప్పటికే చెప్పినదాన్ని అమలు చేస్తోందా, లేక చట్టం చెప్పని కొత్త హక్కునో బాధ్యతనో అనర్హతనో పుట్టిస్తోందా అని చూడాలి. కొత్తది పుట్టిస్తే సాధారణ అధికారం దాన్ని కాపాడలేదని కుంజ్ బిహారీ లాల్ బుటైల్ కేసులో సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. హిమాచల్ ప్రదేశ్ భూపరిమితి చట్టం కింద వచ్చిన వివాదమది.

ఈ తేడా కంటికి కనబడాలంటే మన హైదరాబాద్ కేసొకటి ఉంది. ఇక్కడ కొబ్బరి నూనె తయారుచేసే షాలిమార్ కెమికల్ వర్క్స్ కేరళ నుంచి ఎండు కొబ్బరి తెప్పించుకునేది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ల చట్టం, 1966 ప్రకారం మార్కెట్ ప్రాంతంలో జరిగిన కొనుగోలు మీద, అమ్మకం మీద మార్కెట్ కమిటీ ఫీజు వసూలు చేయవచ్చు. అమ్మకం కేరళలోనే పూర్తయిందని సంస్థ వాదించింది. కమిటీ తన వాదనకు నియమాల్లోని వివరణనూ బైలానూ ఆసరా చేసుకుంది, ఎందుకంటే సరుకు కొనుగోలు లేదా అమ్మకం ఈ ప్రాంతంలోనే జరిగినట్లు భావించాలన్న ఊహ వాటిలో ఉంది. ఆ ఊహ చట్టంలో ఎక్కడా లేదు. 1997లో సుప్రీంకోర్టు అక్కడే పట్టుకుంది. శాసనకర్త తన చట్టంలో చేయని ఊహను నియమాలు చేసే అధికారి చేయలేడని చెప్పింది. ఫీజు ఎలా కట్టాలో, ఏ ఫారంలో లెక్క చూపాలో చెప్పడం అమలు కిందికి వస్తుంది. జరగని అమ్మకాన్ని జరిగినట్లు భావింపజేయడమంటే ఫీజు కట్టాల్సినవారి పరిధినే పెంచడం. ‘భావించవలెను’, ‘పరిగణించవలెను’ అన్న మాటలు నియమంలో కనిపిస్తే నేను ముందు చట్టం తెరిచి అదే మాట అక్కడ ఉందా అని చూస్తాను. చాలాసార్లు కేసు అక్కడే దొరుకుతుంది.

అపోహ: ‘ఈ నియమాలు చట్టంలో చేర్చినట్లే అమలవుతాయి’ అని చట్టమే అంటే, ఇక సవాలు చేయలేం.

వాస్తవం: కంటోన్మెంట్ల చట్టం, 1924లో ఇలాంటి మాటే ఉండేది. ఒక కంటోన్మెంట్ బోర్డు ఉద్యోగిని మరో బోర్డుకు బదిలీ చేయవచ్చన్న నియమం మీద 1988లో సుభాష్ చంద్ర యాదవ్ కేసు వచ్చినప్పుడు ప్రభుత్వం ఆ మాటనే అడ్డుపెట్టుకుంది. నియమం చట్టంతో సమానం కావాలంటే ముందు రెండు షరతులు తీరాలని కోర్టు చెప్పింది: అది చట్టంలోని నిబంధనలకు అనుగుణంగా ఉండాలి, నియమాలు చేసే అధికారం పరిధిలోనూ ఉండాలి. ప్రతి బోర్డూ స్వతంత్ర సంస్థ, దాని ఉద్యోగి దానికే ఉద్యోగి. అలాంటప్పుడు బోర్డుల మధ్య బదిలీ చట్టం ఏర్పరచిన వ్యవస్థకే విరుద్ధం కాబట్టి నియమం కూలిపోయింది. పార్లమెంటు లేదా శాసనసభ ముందు ఉంచిన నియమాలకూ ఇదే వర్తిస్తుంది. సభలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోయినంత మాత్రాన లేని అధికారం పుట్టదు. గతం నుంచి వర్తించేలా నియమాలు చేసే అధికారం మాతృ చట్టం ఇవ్వనప్పుడు, సభ ముందు ఉంచడం ఆ లోటును పూడ్చలేదని 1972లో హుకంచంద్ కేసు తేల్చింది.

అపోహ: గెజిట్ పీఠికలో తప్పు సెక్షన్ రాస్తే నియమం చెల్లదు.

వాస్తవం: అధికారం చట్టంలో మరోచోట నిజంగా ఉంటే, పీఠికలో సెక్షన్ నంబరు తప్పడం ఒక్కటే నియమాన్ని పడగొట్టదు. ఈ ఒక్క కారణంతో పిటిషన్ నడపవద్దు.

అపోహ: నాకు వచ్చిన నోటీసును సవాలు చేస్తే చాలు, నియమం సంగతి కోర్టే చూసుకుంటుంది.

వాస్తవం: ఈ తప్పు నేనూ చేశాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక చిన్న వ్యాపారి తరఫున నోటీసును రద్దు చేయమని మాత్రమే అడిగి, వాదనలో నియమం చెల్లదన్నాను. నియమం చెల్లదని ప్రకటించమన్న ప్రార్థన ఎక్కడుందని న్యాయమూర్తి అడిగారు. పిటిషన్‌లో అది లేదు. సవరణ పిటిషన్ వేసుకొని, ఎదుటి పక్షం కౌంటరు కోసం ఆగి, మళ్లీ వంతు వచ్చేసరికి నెలలు గడిచాయి. నియమం చెల్లుబాటవుతుందన్న ఊహతోనే కోర్టు మొదలుపెడుతుంది కాబట్టి దాన్ని తొలగించే భారం పిటిషనర్‌దే. నియమాన్నీ, అది దాటిన సెక్షన్‌నూ అఫిడవిట్‌లో పక్కపక్కన ఉంచి, ఏ మాట ఏ మాటను దాటిందో చెప్పాలి. ‘ఏకపక్షం, చట్టవిరుద్ధం’ అన్న రెండు విశేషణాలు రాసి వదిలేస్తే సరిపోదు.

ఇక ఉప్పు సంగతి. తీర్పు వచ్చిన మరుసటి నెలలోనే, అంటే 2011 ఆగస్టులో, కల్తీ నివారణ చట్టం స్థానంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం అమల్లోకి వచ్చింది. దాని కింద చేసిన అమ్మకాల నిషేధ, నియంత్రణ నిబంధనల్లో 2.3.12 సంఖ్యతో దాదాపు అదే నిషేధం మళ్లీ చేరింది. దుకాణంలో రాళ్ల ఉప్పు పట్టుబడిందని ఇప్పుడెవరైనా వస్తే పాత తీర్పును ముందు పెట్టి లాభం లేదు. 2006 చట్టాన్ని తెరిచి, నిబంధనలు చేసే అధికారమిచ్చిన సెక్షన్‌ను మొదటి నుంచి చదవాలి.