ట్యూషన్ టర్మ్ ఫీజు: క్లాసు లెక్క, మిస్సైన క్లాసుల జమ, రిజిస్ట్రేషన్ గురించి అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఇంటర్ ఎంపీసీ పిల్లలకు సాయంత్రం ట్యూషన్ సెంటర్ నడుపుతున్నాను. పాఠాల గురించి తల్లిదండ్రులతో పెద్దగా తేడాలు రావు. వచ్చేదల్లా ఫీజు కాగితం దగ్గరే, అది కూడా ఎక్కువగా రెండో టర్మ్ మొదట్లో. అప్పుడు పదేపదే వినిపించే మాటలను తీసుకుని, ఒక అబ్బాయి లెక్క ముందు పెట్టుకుని చెబుతాను. అంకెలు మా సెంటర్‌వి, మీ దగ్గర వేరేగా ఉండొచ్చు, కానీ అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

అపోహ: టర్మ్ ఫీజంటే నాలుగు నెలల జీతంలాంటిది, సెలవులొచ్చినా అంతే కట్టాలి.

నెల లెక్కన తీసుకునే చోట అది నిజమే. దసరా ఉన్న నెలలోనూ అదే ఫీజు ఉంటుంది. క్లాసు లెక్కన వేసే టర్మ్ ఫీజు అలా కాదు. మొదటి టర్మ్ జూన్ మూడో వారంలో మొదలై 14 వారాలు, వారానికి మూడు క్లాసులు, అంటే 42. పండగలకు రెండు తీసేస్తే 40. క్లాసుకు 250 చొప్పున 10,000 రూపాయలు. సెలవులు ముందే తీసేశాం కాబట్టి వినాయక చవితికి క్లాసు లేదని మళ్లీ డబ్బు తగ్గించడం ఉండదు. ఆలస్యంగా చేరినవాళ్లకు కూడా ఇదే సూత్రం: ఎనిమిది క్లాసులు అయిపోయాక చేరితే మిగిలిన 32కే, అంటే 8,000. కాబట్టి చేరేటప్పుడు ఫీజు ఎంత అని కాదు, ఎన్ని క్లాసులకు అని అడగండి, ఆ అంకె రసీదు మీద రాయించుకోండి. క్లాసుల సంఖ్య లేని రసీదుతో తర్వాత ఏ లెక్కా తేలదు.

అపోహ: పిల్లాడు ఎన్ని రోజులు రాకపోతే అన్ని క్లాసుల డబ్బు తిరిగి రావాలి.

గొడవలన్నీ ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. బ్యాచ్‌లో 12 మంది ఉంటే క్లాసుకు 3,000 వస్తుంది. ఆ రోజు ముగ్గురు రాకపోయినా లెక్కల సారుకు ఇవ్వాల్సింది ఇవ్వాలి, అద్దె తగ్గదు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. ముగ్గురికీ ఆ క్లాసు డబ్బు తర్వాతి టర్మ్ ఫీజులో జమ వేస్తే 750 సెంటర్ భరించాల్సిందే. జ్వరమొచ్చిన పిల్లాడి డబ్బు ఉంచుకోవడం నాకు న్యాయంగా అనిపించదు, అందుకే జమ పెట్టాం. కానీ హద్దు లేకుండా పెడితే చివరికి ఆ భారం ఫీజు పెంపు రూపంలో రోజూ వచ్చే పిల్లల మీదే పడుతుంది. అందుకని షరతులు ఇవి: ఆ రోజు మధ్యాహ్నం 12 లోపు మెసేజ్ రావాలి, టర్మ్‌కు నాలుగు క్లాసుల వరకే. సెంటర్ వైపు నుంచి క్లాసు రద్దయితే మాత్రం అది ఈ నాలుగులోకి రాదు, తప్పకుండా జమ అవుతుంది.

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతి. ఆగస్టులో వైరల్ జ్వరంతో వరసగా నాలుగు క్లాసులు పోయాయి. మేనమామ పెళ్లికి రెండు. సారుకు ఒంట్లో బాగాలేక ఒకరోజు మేమే క్లాసు పెట్టలేదు. మొత్తం ఏడు. వాళ్లమ్మగారు ఏడు ఇంటూ 250 వేసుకుని 1,750 తగ్గుతుందనుకున్నారు. మా కాగితంలో 1,250 ఉంది. ఆవిడ కోపంగానే వచ్చారు, "సార్, రెండు క్లాసులు ఎక్కడికి పోయాయి?" అని. ఆవిడ అడగడం పూర్తిగా సబబే. ఇద్దరం కూర్చుని హాజరు పుస్తకం, వాట్సాప్ పక్కపక్కన పెట్టుకుని చూశాం. జ్వరం మొదటిరోజు మెసేజ్ సాయంత్రం క్లాసు మొదలయ్యాక వచ్చింది, దానికి జమ లేదు. పెళ్లికి పోయిన రెండింటిలో ఒకదానికి అబ్బాయి శనివారం ఇంకో బ్యాచ్‌లో కూర్చుని అదే పాఠం విన్నాడు. బదులు క్లాసు తీసుకుంటే ఇక దానికి డబ్బు జమ ఉండదు, ఏదో ఒకటే. మిగిలినవి జ్వరానికి మూడు, పెళ్లికి ఒకటి, సెంటర్ రద్దు చేసింది ఒకటి: ఐదు క్లాసులు, 1,250. రెండో టర్మ్‌లో దసరా, సంక్రాంతి సెలవులు పోను 36 క్లాసులు, 9,000. అందులోంచి 1,250 తీసేస్తే 7,750 కట్టారు.

తేదీల వారీగా ఇలా చూపించగలిగితే గొడవ ఉండదు. "ఏవో కొన్ని అడ్జస్ట్ చేశాం" అంటే మాత్రం ఒప్పుకోకండి, ఏయే తేదీలవో అడగండి.

ఇంకో రెండు చిన్న విషయాలు. అక్కాతమ్ముళ్లు చేరితే పది శాతం తగ్గించే చోట మీరు కట్టింది క్లాసుకు 225, కాబట్టి జమ కూడా 225 చొప్పునే. రెండోది, చివరి టర్మ్‌లో మిగిలిన జమకు తర్వాతి టర్మ్ అంటూ ఉండదు. సెకండియర్ పిల్లలకు పరీక్షల ముందు అది నగదుగా ఇచ్చేయాలి. చాలామంది అడగరు, ఆ డబ్బు అలాగే ఉండిపోతుంది. అడగండి, అది మీ డబ్బు.

అపోహ: రిజిస్ట్రేషన్ ఫీజు టర్మ్ ఫీజులో కలిసే అడ్వాన్సు.

కాదు. మా దగ్గర 500, ఒక్కసారే. చేరే ముందు పెట్టే చిన్న పరీక్ష, మెటీరియల్ మొదటి సెట్, సీటు పట్టి ఉంచడం, వీటికి. పిల్లాడు మానేస్తే ఇది తిరిగి రాదు. అయితే చెప్పిన బ్యాచ్‌ను సెంటరే మొదలుపెట్టకపోతే పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. ప్రతి టర్మ్‌కూ మళ్లీ రిజిస్ట్రేషన్ అంటే అది రిజిస్ట్రేషన్ కాదు, పేరు మార్చిన ఫీజు. అలాంటప్పుడు దాన్నీ కలిపి క్లాసుకు ఎంత పడుతుందో చూసుకోండి.

అపోహ: మధ్యలో మానేస్తే మిగిలిన క్లాసులు ఇంటూ 250 వచ్చేస్తుంది.

ఇది ఎవరూ ముందు అడగని ప్రశ్న. 250 అనేది టర్మ్ మొత్తం కట్టినవాళ్లకు ఇచ్చే రేటు, విడిగా ఒక్క క్లాసుకు వస్తే 325. 14 క్లాసులు విని మానేశారనుకోండి. మిగిలిన 26కు 250 చొప్పున ఇస్తే 6,500. విన్న 14కు విడి రేటు పట్టుకుంటే 4,550 పోను 5,450. అదే కాగితం మీద 1,050 తేడా. నేను మొదటి పద్ధతే పాటిస్తాను, రెండోది పాటించే సెంటర్లు ఆ మాట చేరే రోజే చెప్పాలి. 50 మందికి మించి చదివే కోచింగ్ సెంటర్ల కోసం కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, పూర్తి ఫీజు కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి తగిన డబ్బు 10 రోజుల్లో వెనక్కి ఇవ్వాలని ఉంది. రాష్ట్రాలు వాటిని అమలు చేస్తేనే కట్టుబాటు, అయినా మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

జీఎస్టీ సంగతి ఒక్కమాట. కోచింగ్ మీద 18 శాతం ఉంది, కానీ ఏడాదికి 20 లక్షలు దాటని చిన్న సెంటర్లు సాధారణంగా రిజిస్టర్ కానక్కర్లేదు, రిజిస్టర్ కాకుండా మీ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. రసీదులో ఆ గీత కనిపిస్తే జీఎస్టీ నంబర్ కూడా ఉందో లేదో చూడండి.