పేరు ఇంగువలాంటిది

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి అనన్యకు, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం అనన్య అడిగినదానికి నేను జవాబు చెప్పేలోపే మీ క్యాబ్ వచ్చేసింది. పొద్దున పూలమ్మే మునెమ్మ "బాగుండావా అనన్యా" అంటే మురిసిపోయావు. మధ్యాహ్నం పార్సిల్ తెచ్చిన అబ్బాయికి నువ్వు "హాయ్ అంకుల్" అంటే అతను "హాయ్ అనన్యా! ఇంట్లో ఎవరూ లేరా అనన్యా?" అన్నాడు. గబుక్కున నా వెనక్కి వచ్చి నిలబడ్డావు. ఇద్దరూ పిలిచింది నా పేరే కదా, ఒకసారి సంతోషం, ఒకసారి భయం ఎందుకని అడిగావు.

పేరు ఇంగువలాంటిదమ్మా. అమ్మమ్మ చారు పోపులో చిటికెడు వేస్తే వీధి గుమ్మం దాకా ఘుమఘుమ. చెంచాడు వేస్తే చేదు. పలకరింపుకు జవాబిచ్చేటప్పుడూ అంతే. "నమస్తే రమణయ్య గారూ" అని చివర్న ఒక్కసారి పేరు వస్తే హాయిగా ఉంటుంది. "రమణయ్య గారూ" అని ముందే మొదలుపెడితే ఏదో పని పడిందనుకుని ఆయన ఆగిపోతాడు. మాటమాటకీ పేరు తగిలిస్తే, వీడేదో అమ్మడానికి వచ్చాడనుకుంటాడు.

ఇంగువ మన డబ్బాలోదే అయి ఉండాలి కూడా. మునెమ్మ అడిగితే నీ పేరు నువ్వే చెప్పావు, ఆమె మల్లెమూర నీ జడలో పెడుతుంటే. ఆ అబ్బాయి పార్సిల్ మీద చదివాడు. అది నువ్వు ఇచ్చిన పేరు కాదు. అతను మంచివాడే కావచ్చు. కానీ పేరు తెలిసినంత మాత్రాన నిన్ను ఎరిగినవాడు కాడు. ఇంట్లో ఎవరున్నారని అలాంటివాళ్లు అడిగితే జవాబు చెప్పకు, పెద్దవాళ్లను పిలువు.

నా ఎనిమిదో ఏట మా ఊరి పోస్టుమాన్ "ఏం బాబూ, బాగున్నావా" అంటే "బాగున్నా సుబ్బారావ్" అన్నాను. నాన్న ఆయన్ని అలాగే పిలిచేవారు మరి. ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. ఉత్తరాలు అరుగు మీద పెట్టి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ పేరు నాన్న నోట స్నేహం, నా నోట పొగరు. మర్నాడు "నమస్తే సుబ్బారావు గారూ" అన్నాను. సైకిల్ దిగి ఉత్తరాలు నా చేతికే ఇచ్చాడు. ఆ కార్డుల బరువు నాకింకా గుర్తుంది.

కార్తీక్, నువ్వు షాపులో బిల్లు వేసే అమ్మాయి బ్యాడ్జీ చదివి "హాయ్ కవితా" అన్నావు గుర్తుందా? ఆమె చెయ్యి చటుక్కున బ్యాడ్జీ మీదికి వెళ్లింది. ఉద్యోగం కోసం పెట్టుకున్న పేరు అది, నీకు చెప్పింది కాదు. "నమస్తే అక్కా" అంటే చాలు.

రేపు స్కూల్ బస్సుకు వెళ్తూ, గేటు దగ్గరి సెక్యూరిటీ అంకుల్‌ని పేరు అడగండి. ఎలా పిలిస్తే ఆయనకు ఇష్టమో కూడా అడగండి. ఎల్లుండి గుడ్ మార్నింగ్ చివర్న అలాగే ఒక్కసారి పిలిచి, ఆయన మొహం చూసి నాకు రాయండి.

మీ తాతయ్య