రాకెట్ లెక్కలో పాత తగాదా: 4 కరెక్టా, 5.16 కరెక్టా?

ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ టెస్ట్ కీ మీద మళ్ళీ గొడవ లేచింది. లెక్క మామూలుదే. గ్రావిటీ లేని చోట 100 టన్నుల రాకెట్ 1 కి.మీ./సె. వేగంతో పోతోంది, గ్యాస్ రాకెట్‌ని బట్టి చూస్తే 3 కి.మీ./సె.తో వెనక్కి పోతుంది, 75 టన్నులు కాలిపోయాక వేగమెంత?

కీ ఇచ్చిన సారు వాదన సింపుల్. న్యూటన్ చెప్పింది F = d(mv)/dt, ఇక్కడ F సున్నా, కాబట్టి mv మారదు, మాస్ నాలుగో వంతు అయింది కాబట్టి వేగం నాలుగింతలు, 4 కి.మీ./సె. చూడ్డానికి నీట్‌గానే ఉంది.

ఈ తగాదా అసలు తేలింది 1897లో. రాకెట్ సమీకరణం అనగానే సియోల్కోవ్‌స్కీ పేరు అందరికీ తెలుసు గానీ, మాస్ మారే వస్తువుకి సమీకరణం ఎలా రాయాలో ఆ ఏడాదే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మెషెర్‌స్కీ తన థీసిస్‌లో పెట్టేశాడు. అందులో కీలకం ఏంటంటే, విడిపోయిన ముక్క ఏ వేగంతో పోయిందో కూడా లెక్కలోకి రావాలి. మన లెక్కలో మొదట్లో వెలువడే గ్యాస్ బయటి నుంచి చూస్తే 2 కి.మీ./సె.తో వెనక్కి పోతోంది, మరి ఆ మొమెంటం ఎక్కడ రాశారు సార్?

రాకెట్‌నీ, అప్పుడే వెలువడిన గ్యాస్‌నీ కలిపి పట్టుకుంటే ఇదిగో, u అంటే రాకెట్‌ని బట్టి గ్యాస్ వేగం (dm నెగటివ్ అని గుర్తుంచుకోండి, సగం మంది బోల్తా పడేది ఇక్కడే):

```
m v = (m + dm)(v + dv) + (-dm)(v - u)
```

dm·dv మరీ చిన్నది, వదిలేస్తే m dv = -u dm మిగులుతుంది, v ఉన్న పదాలన్నీ వాటంతటవే కొట్టుకుపోతాయి. m తో భాగించి ఇంటిగ్రేట్ చేస్తే:

```
v = v0 + u ln(m0/m)
```

ln 4 అంటే 1.386, దాన్ని 3తో గుణిస్తే 4.16, మొదటి 1 కలిపితే 5.16 కి.మీ./సె. ఇంకో సంగతి, మొదటి 50 టన్నులు కాలితే పెరిగేది 2.08, మిగిలిన 25 టన్నులకీ అంతే 2.08, ఎందుకంటే రెండుసార్లూ మాస్ సగమే అయింది.

కీ తప్పని పట్టుకోడానికి ఇంటిగ్రేషన్ కూడా అక్కర్లేదు. పక్కనే 1 కి.మీ./సె.తో పోతున్న ఇంకొకడు చూస్తే ఈ రాకెట్ మొదట నిలబడి ఉన్నట్టే, సారు ఫార్ములా ప్రకారం mv సున్నా, అంటే ఇంజిన్ ఎంత మండినా అది కదలదు, అదే మనకి మాత్రం 3 కి.మీ./సె. పెరిగినట్టు కనిపిస్తుంది. ఒకే రాకెట్‌కి ఇద్దరికి రెండు రకాల పెరుగుదల ఎలా కుదురుతుంది?

సారు ఫార్ములా పూర్తిగా చెత్త అని కాదు. 1928లో ఇటలీ గణితవేత్త లెవీ-చివిటా చూపించినట్టు, విడిపోయే ముక్క వేగం బయటి నుంచి చూస్తే సున్నా అయినప్పుడు అది కరెక్టే. ఈ రాకెట్‌కి ఆ పరిస్థితి వచ్చేది v సరిగ్గా 3 అయిన ఒక్క క్షణం, ఆ తర్వాత గ్యాస్ కూడా ముందుకే పోతుంటుంది.