టోటల్ కలిసిందంటే పట్టిక సరైనదేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో రైతు సంఘాలకు, చిన్న వ్యాపారులకు లెక్కల పట్టికలు సరిచూసి ఇవ్వడం నా పని. రాష్ట్ర సరిహద్దు దాటితే బాసర. మా దగ్గర పొలం రికార్డు మరాఠీలో, తూకం చిట్టీ సగం హిందీలో, మాట తెలుగులో నడుస్తాయి. ఒకే పట్టికలోకి మూడు చోట్ల నుంచి అంకెలు వస్తాయి కాబట్టి తప్పులు కూడా ఎక్కువగా ఆ అతుకుల దగ్గరే ఉంటాయి. పంపే ముందు పట్టికను చూసేవాళ్లలో తరచూ కనిపించే కొన్ని నమ్మకాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణకు ఈ పట్టిక చూడండి. ఆరు ఊళ్ల రైతులు సోయా వేసిన విస్తీర్ణం, కొనుగోలు కేంద్రానికి తెచ్చిన సరుకు ఇందులో ఉన్నాయి. ఊళ్ల పేర్లు తీసేసి నంబర్లు పెట్టాను, అంకెలు సులువు చేశాను. తప్పులు మాత్రం మా దగ్గర ప్రతి సీజన్‌లో కనిపించేవే.

| ఊరు | విస్తీర్ణం (ఎకరాలు) | సోయా (క్వింటాళ్లు) |
|---|---|---|
| 1 | 42.20 | 298 |
| 2 | 18.30 | 457 |
| 3 | 65.10 | 174 |
| 4 | 24.35 | 131 |
| 5 | 30.35 | 525 |
| 6 | 31.25 | 221 |
| మొత్తం | 211.55 | 1806 |

అపోహ: టోటల్ కలిస్తే కాలమ్ సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: క్వింటాళ్ల కాలమ్ కూడి చూడండి, 1806 సరిగ్గా వస్తుంది. కొనుగోలు కేంద్రం ఇచ్చిన చిట్టీల మొత్తం కూడా 1806. అయినా ఈ కాలమ్‌లో మూడు వరుసలు తప్పు. కూడిక అంకెలను చూస్తుంది, ఏ అంకె ఎవరి పక్కన ఉందో చూడదు. వరుసలు తారుమారైతే టోటల్ ఒక్క కిలో కూడా మారదు. అందుకే చోటు మారి జరిగిన వరుసను టోటల్ ఎప్పటికీ పట్టుకోలేదు.

దాన్ని పట్టుకోవాలంటే పక్కన ఇంకో కాలమ్ వేసి క్వింటాళ్లను ఎకరాలతో భాగించాలి. 1వ ఊరికి ఎకరాకు 7.0 వస్తుంది, 6వ ఊరికీ 7.0. కానీ 2వ ఊరికి 24.4, 3వ ఊరికి 2.7, 4వ ఊరికి 5.3, 5వ ఊరికి 17.0 వస్తాయి. (ఇక్కడ 18.30 అంటే 18 ఎకరాల 30 గుంటలు, అంటే 18.75 ఎకరాలు. ఆ సంగతి కింద వస్తుంది.)

ఎక్కువగా వచ్చిన అంకెకు, తక్కువగా వచ్చిన అంకెకు ఒకే విలువ ఇవ్వకూడదు. తక్కువ రావడానికి నిజమైన కారణం ఉండొచ్చు. రైతులు కొంత సరుకు ఊళ్లోనే వ్యాపారికి అమ్మి ఉంటారు, లేదా చేను దెబ్బతిని ఉంటుంది. 3వ ఊరి 2.7ను చూసి "బయట అమ్మేసుకున్నారేమో" అని ఎవరైనా సర్దిచెప్పొచ్చు. ఎక్కువ రావడానికి అలాంటి సాకు లేదు. వానపై ఆధారపడ్డ సోయా ఎకరాకు 24 క్వింటాళ్లు పండదు. నేను ఎప్పుడూ ఎక్కువ వచ్చిన వరుసతోనే మొదలుపెడతాను.

2వ ఊరి పక్కనున్న 457ను పైకీ కిందికీ ఉన్న విస్తీర్ణాలతో భాగించి చూడండి. 3వ ఊరి 65 ఎకరాల 10 గుంటలతో భాగిస్తే సరిగ్గా 7.0. 174ను 4వ ఊరితో భాగిస్తే 7.0, 131ను 2వ ఊరితో భాగిస్తే 7.0. అంటే విస్తీర్ణాలు సంఘం రిజిస్టర్ వరుసలో ఉన్నాయి, క్వింటాళ్లు తూకం పడిన వరుసలో ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన అతికించారు. మొదటి ఊరు, చివరి రెండు ఊళ్లు రెండు చోట్లా ఒకే స్థానంలో ఉండటంతో పైనా కిందా చూసినవాళ్లకు అంతా సరిగ్గానే కనిపించింది. సరిచూసేవాళ్లు మొదటి వరుస, చివరి వరుస చూసి వదిలేయడం చాలా చోట్ల గమనించాను. మధ్య వరుసలు కూడా చూడాలి.

4వ ఊరి 5.3ను మర్చిపోవద్దు. విడిగా చూస్తే దాని మీద ఎవరికీ అనుమానం రాదు. కానీ అది కూడా తప్పే. ఒక వరుస జరిగిందని తేలితే అనుమానం రాని పొరుగు వరుసలను కూడా అసలు కాగితంతో పోల్చాల్సిందే.

అపోహ: రేటు సరిపోతోంది కాబట్టి వరుస సరైనదే.

వాస్తవం: ఈ పట్టికకు డబ్బు కాలమ్ కూడా ఉంటుంది. 2024-25లో సోయా మద్దతు ధర క్వింటాల్‌కు 4,892 రూపాయలు. డబ్బును క్వింటాళ్లతో భాగిస్తే ప్రతి వరుసలోనూ 4,892 రావాలి. మంచి పరీక్షే, కానీ ఒక షరతు ఉంది. ఆ డబ్బు అంకె బ్యాంకు జమ కాగితం నుంచో, బిల్లు నుంచో విడిగా వచ్చి ఉండాలి. పట్టిక తయారుచేసినవాళ్లు క్వింటాళ్లను 4,892తో గుణించే ఫార్ములా పెట్టి ఉంటే, క్వింటాళ్లు తప్పైనా డబ్బు దాని వెంటే తప్పుతుంది, భాగిస్తే ఎప్పుడూ 4,892 వస్తుంది. అలా వచ్చిన సరిపోలిక దేన్నీ రుజువు చేయదు. పరీక్ష మొదలుపెట్టే ముందు డబ్బు సెల్ మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్‌లో ఏముందో చూడండి. అక్కడ ఫార్ములా ఉంటే ఆ కాలమ్ సాక్ష్యంగా పనికిరాదు, బ్యాంకు కాగితం తెప్పించుకోవాలి.

అపోహ: పైన "ఎకరాలు" అని రాశాం కదా, యూనిట్ సమస్య లేదు.

వాస్తవం: మా ప్రాంతంలో ఎక్కువ పట్టికలు చెడేది ఇక్కడే. మహారాష్ట్ర పొలం రికార్డైన సాత్‌బారాలో విస్తీర్ణం హెక్టార్-ఆర్ లెక్కలో ఉంటుంది. సరిహద్దు అవతల తెలంగాణ పాస్‌బుక్‌లో ఎకరా-గుంట ఉంటుంది. 1956 దాకా నాందేడ్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి మా ఊళ్లలో పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఎకరాలు, గుంటలే. రైతు నోటితో చెప్పింది ఒక లెక్క, కాగితం మీద ఉన్నది ఇంకో లెక్క.

పట్టికలో 42.20 అంటే 42 ఎకరాల 20 గుంటలు. ఎకరాకు 40 గుంటలు కాబట్టి అది 42.5 ఎకరాలు. కానీ ఎక్సెల్ దాన్ని మామూలు దశాంశంగానే చూస్తుంది. 18.30, 24.35ను అది కూడితే 42.65 వస్తుంది. 65 గుంటలు ఎక్కడా ఉండవు. అసలు మొత్తం 43 ఎకరాల 25 గుంటలు. కింద మొత్తంలో ఉన్న 211.55 కూడా అదే చెబుతోంది. చుక్క తర్వాత 39 దాటిన అంకె కనిపిస్తే ఎవరో గుంటలను దశాంశాల్లా కూడారని అర్థం. ఇది ఒక్క చూపులో దొరికే గుర్తు.

సరిచేయడానికి ముందు గుంటలను దశాంశ ఎకరాలుగా మార్చాలి:

```
=INT(B2)+ROUND((B2-INT(B2))*100,0)/40
```

దీనికీ ఒక హద్దు ఉంది. ఎక్సెల్ చివరి సున్నాను చూపించదు. 18.30 అని టైప్ చేస్తే 18.3 మిగులుతుంది. 18 ఎకరాల 3 గుంటలను కూడా కొందరు 18.3 అనే టైప్ చేస్తారు. ఆ రెంటిలో ఏదో స్క్రీన్ చూసి చెప్పలేం, రిజిస్టర్ చూడాలి. అందుకే ఎకరాలకు ఒక కాలమ్, గుంటలకు ఒక కాలమ్ పెట్టమని నేను మొదటి రోజే చెబుతాను.

ఇప్పుడు 5వ ఊరు. 30.35 చూస్తే 30 ఎకరాల 35 గుంటల్లాగే ఉంది, 39 దాటలేదు. కానీ ఎకరాకు 17 క్వింటాళ్లు వస్తోంది, పొరుగు వరుసలతో మార్చి చూసినా సర్దుకోవడం లేదు. 30.35ను దశాంశంగా తీసుకుని భాగిస్తే 17.3 వస్తుంది. దాన్ని మిగతా ఊళ్ల 7తో భాగిస్తే 2.47. హెక్టార్‌కు ఉండేది 2.471 ఎకరాలు. ఈ అంకె కనిపించిందంటే హెక్టార్లు ఎకరాల కాలమ్‌లోకి వచ్చాయని గట్టి అనుమానం. ఆ ఊరివాళ్లు సాత్‌బారా చూసి 30 హెక్టార్ల 35 ఆర్ అని రాసి పంపారు. ఎకరాల్లో అది 75.

వరుస జరిగితే ఒకటి ఎక్కువ, దాని దగ్గరే ఒకటి తక్కువ, జంటగా కనిపిస్తాయి. యూనిట్ తప్పు ఒంటరిగా, ఒక తెలిసిన గుణకంతో కనిపిస్తుంది. హెక్టార్లకు 2.47, క్వింటాళ్ల చోట కిలోలు పడితే 100, టన్నులు పడితే 10లో ఒక వంతు.

గుంట, ఆర్ విషయంలో ఇంకో మోసం ఉంది. గుంట అంటే దాదాపు 101 చదరపు మీటర్లు, ఆర్ అంటే 100. రెండూ ఇంచుమించు సమానం కాబట్టి "ఒకటే కదా" అని మార్చకుండా వదిలేస్తారు. చిన్న ముక్కలకు ఫరవాలేదు. కానీ 40 గుంటలకు ఎకరా నిండుతుంది, హెక్టార్ నిండాలంటే 100 ఆర్ కావాలి. చుక్కకు ఎడమవైపున్న అంకె మొత్తం మారిపోతుంది.

అపోహ: కొద్ది తేడా ఉంటే ఏదో ఒక అంకె సర్దేస్తే సరిపోతుంది.

వాస్తవం: దయచేసి అలా చేయకండి. ముందు తేడా ఎంతో చూడండి. ప్రతి వరుసను దగ్గరి పూర్ణాంకానికి సవరించి ఉంటే ఆరు వరుసలకు తేడా 3 దాటదు. ఆ లోపు ఉంటే అది సవరింపు వల్ల వచ్చినదై ఉండొచ్చు, పట్టిక కింద ఆ మాట రాయండి చాలు. తేడా 9తో నిశ్శేషంగా భాగమైతే రెండు పక్క అంకెలు తారుమారై ఉండొచ్చు (457 బదులు 475 రాస్తే తేడా 18), లేదా చివర ఒక సున్నా ఎక్కువ పడి ఉండొచ్చు. తేడా సరిగ్గా ఒక వరుస అంకెకు సమానమైతే, కూడిక ఆ వరుసను వదిలేసిందన్నమాట. మధ్యలో కొత్త ఊరు చేర్చినప్పుడు, లేదా ఆ అంకె టెక్స్ట్‌గా పడినప్పుడు ఇలా అవుతుంది. టెక్స్ట్ అంకెలను SUM పట్టించుకోదు. ఈ రెండు ఫార్ములాలకు ఒకే జవాబు రాకపోతే అలాంటి సెల్ ఉన్నట్టే:

```
=COUNT(C2:C7)
=COUNTA(C2:C7)
```

మన పట్టికకు తిరిగొస్తే, మూడు వరుసలు వాటి ఊళ్లకు చేర్చి, 5వ ఊరిని 75 ఎకరాలు చేసి, గుంటలను మార్చాక విస్తీర్ణం 258 ఎకరాలు అవుతుంది. ముందు పట్టికలో ఉన్న 211.55 కంటే 46 ఎకరాలకు పైగా ఎక్కువ. సోయా మొత్తం మాత్రం మొదటి నుంచీ అదే 1806.

ఈ భాగహారం పద్ధతికి దొరకని తప్పు ఒకటుంది. ఆరు ఊళ్లూ హెక్టార్లలోనే రాసి పంపితే అన్నిటికీ 17.3 వస్తుంది, ఏ వరుసా విడిగా కనిపించదు. అప్పుడు పట్టిక లోపల ఎంత వెతికినా లాభం లేదు. పోయినేడాది పట్టిక తీసి ఎకరాకు ఎంత వచ్చిందో పోల్చాలి, లేదా కనీసం ఒక రైతు సాత్‌బారా తెప్పించి ఆ ఒక్క అంకెను యూనిట్‌తో సహా చదవాలి.